ఐదుగురికి ఒకే పేక కట్ట: కరెంటూ స్క్రీనూ లేని సాయంత్రం ఆటలు

నలుగురు పెద్దవాళ్లూ ఒక పిల్లో పిల్లాడో కలిసి ఆటకు కూర్చుంటే, ముందు ఐదు అనే అంకెతోనే పేచీ. క్యారమ్స్ బోర్డుకు నాలుగు వైపులే. లూడోకీ, అష్టాచెమ్మాకీ అంతే. జోడీలు కట్టి ఆడే పేకాటల్లో ఒకరు మిగిలిపోతారు. ఆ మిగిలిపోయేది ఎప్పుడూ పిల్లే. "నువ్వు స్కోరు రాయి తల్లీ" అని పెన్సిలు చేతికిచ్చేస్తారు. పావుగంటకు ఆ పెన్సిలు బొమ్మలు గీస్తుంటుంది, ఆటను ఎవరూ లెక్కపెట్టరు.

ఐదుగురూ సమానంగా, ఎవరి చేతి ముక్కలతో వాళ్లు ఆడగలిగే ఆటలు తక్కువేమీ లేవు. వాటిలో నేను ఎంచుకునేది జడ్జిమెంట్. ఇంగ్లీషు పేకాట పుస్తకాల్లో దీన్ని ఓ హెల్ అంటారు. మామూలు పేక కట్ట ఒక్కటి, కాగితం, పెన్సిలు, గుప్పెడు గుండీలు ఉంటే చాలు. ఏడెనిమిదేళ్లు వచ్చి, ఏ ముక్క దేనికంటే పెద్దదో తెలిసిన పిల్లలు మొదటి సాయంత్రమే ఆడేస్తారు. పెద్దవాళ్లకూ విసుగు రాదు. ఎక్కువ ముక్కలు పట్టినవాడు గెలిచే ఆట కాదిది. తాను ఎన్ని పడతానో సరిగ్గా చెప్పగలిగినవాడిదే గెలుపు. మంచి ముక్కలు పడలేదని పిల్ల ముఖం ముడుచుకోవాల్సిన పని లేదు. "నాకు సున్నా" అని చెప్పి, సున్నాకే కట్టుబడితే దానికీ మార్కులుంటాయి.

జడ్జిమెంట్‌కు ముందు చేతులు వేడెక్కించే చిన్న ఆట ఒకటి, ఆ రెండింటికంటే ముందు దీపం సంగతి ఒకటి చెప్పాలి.

దీపం ఎక్కడ పెట్టాలి

కరెంటు లేనప్పుడు అందరూ చేసే పని, కొవ్వొత్తో లాంతరో తెచ్చి బల్ల మధ్యలో పెట్టడం. బల్ల మీద పరిచి ఆడే ఆటలకు అది బాగానే ఉంటుంది. చేతిలో ముక్కలు పట్టుకుని ఆడే ఆటలకు మాత్రం అదే తప్పు చోటు. ముక్కల ముఖం మనవైపు తిరిగి ఉంటుంది కాబట్టి, మధ్యలో ఉన్న దీపం వెలుగు వాటి వీపు మీద పడుతుంది. మనం చూడాల్సిన వైపు నీడలో ఉంటుంది, పైగా మంట సూటిగా కళ్లలో పడుతుంది. పిల్ల ముక్కల్ని వెలుగుకు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టిందంటే కారణం ఇదే. అలా తిప్పినప్పుడు పక్కవాళ్లకు ముక్కలన్నీ కనబడిపోతాయి, ఆ తర్వాత ఆటకు అర్థమే ఉండదు.

వెలుగు పైనుంచి గానీ, భుజాల వెనక నుంచి గానీ రావాలి. లాంతరును కూర్చున్నవాళ్ల తలలకంటే ఎత్తులో వేలాడదీయగలిగితే అన్నిటికంటే మంచిది. కుదరకపోతే రెండు దీపాలు తీసుకుని, ఎదురెదురు మూలల్లో, కూర్చున్నవాళ్ల వెనక ఎత్తైన అల్మారా మీదో స్టూలు మీదో పెట్టండి. ఒకటి పిల్ల వెనక ఉండేలా చూడండి. కర్టెన్లకూ జుట్టుకూ అందనంత దూరం ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

రంగులతో ఆడే ముక్కల పెట్టెలు కూడా మంట వెలుగులో ఇబ్బంది పెడతాయి. పసుపుకూ తెలుపుకూ, ఎరుపుకూ నారింజకూ తేడా తెలియదు. మామూలు పేకలో ఎరుపూ నలుపూ మాత్రమే ఉంటాయి, పైగా గుర్తు ఆకారం వేరు. అందుకే మసక వెలుగులో పాత పేక కట్టే నయం. ముక్కల మూలల్లో అంకెలు పెద్దగా అచ్చయిన కట్ట దొరికితే ఇంకా సుఖం.

మొదటి పావుగంట: గాడిద

పిల్ల పెద్దవాళ్లతో నిజంగా సమానంగా ఆడగలిగే ఆట ఇది. ఒక్కోసారి వాళ్లను మించిపోతుంది కూడా. కట్టలోంచి ఆసులు, రాజులు, రాణులు, జాకీలు, పదులు తీయండి. ఐదు రకాలు, రకానికి నాలుగు, మొత్తం 20 ముక్కలు. ఎంతమంది ఆడుతుంటే అన్ని రకాలు తీయాలన్నది లెక్క. బాగా కలిపి తలా నాలుగు పంచాలి.

తమకు అక్కర్లేని ముక్క ఒకటి ప్రతివాళ్లూ బోర్లించి ఎడమపక్కవాళ్ల ముందు పెడతారు. ఐదుగురూ పెట్టాక ఒకరు "ఊ" అంటారు, అప్పుడు అందరూ ఒకేసారి తమకు వచ్చింది తీసుకుంటారు. ఈ "ఊ" లేకపోతే ఆట ఐదు నిమిషాల్లో గలాటా అయిపోతుంది. చురుకైనవాళ్లు తీసుకుంటూ పోతారు, నెమ్మదిగా ఆడేవాళ్ల ముందు మూడు ముక్కలు పేరుకుంటాయి. ఆ "ఊ" అనే పని పిల్లకిస్తే ఆట వేగం పిల్ల వేగానికి సరిపోతుంది.

ఒకే రకం ముక్కలు నాలుగూ చేరినవాళ్లు చప్పుడు చేయకుండా బల్ల మధ్య అరచెయ్యి ఆనించాలి. అది చూసినవాళ్లు ఒక్కొక్కరే ఆ చెయ్యి మీద చెయ్యి వేస్తారు. ఆఖరున వేసినవాళ్లకు ఒక అక్షరం: ముందు "గా", తర్వాత "డి", ఆ తర్వాత "ద". మూడూ పూర్తయినవాళ్లతో ఆట ముగుస్తుంది. ఒక్కొక్కరినీ బయటికి పంపుతూ ఆడే పద్ధతి కూడా ఉంది కానీ, ఐదుగురు మాత్రమే ఉన్నప్పుడు దాని జోలికి పోవద్దు. మొదట బయటికి పోయినవాళ్లు మిగతా ఆటంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి.

పెద్దవాళ్లు ఈ ఆటలో ఓడిపోవడానికి కారణం, తమ ముక్కల్నే చూసుకుంటూ ఏ రకం పోగుచేయాలా అని ఆలోచిస్తూ ఉండటం. పిల్ల ముక్కల్ని అంతగా పట్టించుకోదు, నలుగురి చేతులూ గమనిస్తుంటుంది. అందుకే చెయ్యి కదలగానే పట్టేస్తుంది. ఐదు చేతులు ఒక్కసారిగా బల్ల మధ్యకు దూసుకొస్తాయి కాబట్టి అక్కడ కొవ్వొత్తి, గాజుగ్లాసు ఉండకూడదు. పదునైన రాళ్లున్న ఉంగరాలు తీసేసి కూర్చోండి.

ఆట అయ్యాక ఆ 20 ముక్కల్నీ పక్కన పెట్టిన 32తో కలిపి, 52 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఈ లెక్క పిల్లకే అప్పగించవచ్చు. ఒక్క ముక్క కుర్చీ కిందికి జారినా జడ్జిమెంట్ మధ్యలో బయటపడి తగువవుతుంది.

జడ్జిమెంట్: పంచడం

గుండ్రంగా కూర్చుని, గడియారం ముల్లు తిరిగే దిక్కున ఆడాలి. మొత్తం పది పంపకాలు. మొదటి పంపకంలో తలా ఒక ముక్క, రెండోదాంట్లో రెండు, అలా ఐదు దాకా పైకి వెళ్లాలి. ఆరో పంపకంలో మళ్లీ ఐదు వేసి, అక్కడినుంచి నాలుగు, మూడు, రెండు, ఒకటి అంటూ కిందికి రావాలి. పంచే వంతు ప్రతిసారీ ఎడమపక్కకు మారుతుంది.

ఒక కట్టతో ఐదుగురికి తలా పది దాకా పంచవచ్చు, పెద్దవాళ్లు మాత్రమే ఆడేటప్పుడు అలాగే పంచుతారు కూడా. పిల్ల ఉన్నప్పుడు ఐదు దగ్గర ఆపమనడానికి రెండు కారణాలున్నాయి. చిన్న చేతిలో ఐదారు ముక్కలకు మించి విసనకర్రలా నిలవవు, జారి కింద పడతాయి. రెండోది లెక్కకు సంబంధించింది. ఈ ఆటలో పంచినవాళ్లకు ఒక ఇబ్బంది ఉంది, అదేమిటో కాసేపట్లో చెబుతాను. ఒకటి నుంచి ఐదుకు, ఐదు నుంచి ఒకటికి ఆడితే ఆ ఇబ్బంది ఐదుగురికీ సరిగ్గా రెండేసిసార్లు వస్తుంది. పైగా మొదటివారు ఒక ముక్క పంపకమూ ఐదు ముక్కల పంపకమూ పంచుతారు, రెండోవారు రెండూ నాలుగూ, మూడోవారు మూడూ మూడూ, అలా ఎవరిది తీసుకున్నా మొత్తం ఆరే వస్తుంది. ఐదుగురికి ఇంత చక్కగా అమరిన ఆట మరొకటి దొరకడం కష్టం.

ఐదు ముక్కలు కూడా పట్టుకోలేని చేతులైతే, బట్టల బ్రష్షును వెంట్రుకలు పైకి ఉండేలా వెల్లకిలా పెట్టి ఆ వెంట్రుకల మధ్య ముక్కలు గుచ్చి నిలబెట్టండి. పిల్లకు రెండు చేతులూ ఖాళీ అవుతాయి. అట్ట పుస్తకాన్ని గుడారంలా ముందు నిలబెడితే ముక్కలు పక్కవాళ్లకు కనబడవు.

పంచగా మిగిలిన కట్టలో పై ముక్క తిప్పి బల్ల మీద పెట్టాలి. అది ఏ గుర్తుదైతే ఆ పంపకానికి అదే తురుపు. తురుపు ముక్క ఎంత చిన్నదైనా మిగతా మూడు గుర్తుల ముక్కలన్నిటినీ కోసేస్తుంది. ఆసు అన్నిటికంటే పెద్దది, ఆ తర్వాత రాజు, రాణి, జాకీ, పది, అలా రెండు దాకా.

అంచనా చెప్పడం

అందరూ తమ ముక్కలు చూసుకున్నాక, పంచినవారి ఎడమపక్కవారితో మొదలుపెట్టి ఒక్కొక్కరే తాము ఎన్ని పట్లు పడతారో చెప్పాలి. పట్టు అంటే ఐదుగురూ తలా ఒక ముక్క వేయడం, వాటిలో పెద్దది వేసినవాళ్లు ఆ ఐదు ముక్కలూ తీసుకోవడం. చెప్పిన అంకె ఎంతైతే అన్ని గుండీలు తమ ముందు పెట్టుకోవాలి. పట్టు వచ్చినప్పుడల్లా ఒక గుండీ తీసి ఆ పట్టు మీద పెట్టాలి. ఎవరు ఎంత చెప్పారు, ఎవరికి ఇంకా ఎన్ని కావాలి అన్నది బల్ల మీదే కనబడుతుంది కాబట్టి "నువ్వు రెండన్నావు", "లేదు ఒకటే అన్నాను" అనే వాదన రాదు. గుండీల లాభం ఇంకోటి కూడా ఉంది, అది కింద ఉదాహరణలో తెలుస్తుంది.

ఇప్పుడు పంచినవారి ఇబ్బంది. వాళ్లు ఆఖరున చెబుతారు. ఐదుగురి అంకెలూ కలిపితే ఆ పంపకంలో పంచిన ముక్కల సంఖ్యకు సమానం కాకూడదు. మూడు ముక్కల పంపకంలో మొదటి నలుగురి మొత్తం రెండు వచ్చిందనుకోండి, పంచినవారు ఒకటి అనకూడదు. సున్నా అనాలి, లేదా రెండో అంతకంటే ఎక్కువో అనాలి. దీనివల్ల ప్రతి పంపకంలోనూ కనీసం ఒకరి అంచనా తప్పి తీరుతుంది. ఆటలో ఉన్న టెన్షనంతా ఈ ఒక్క నియమం నుంచే వస్తుంది. మొదటిసారి ఆడే పిల్లకు మాత్రం తను పంచే రెండు పంపకాల్లో దీన్ని మినహాయించండి. రెండో ఆట నుంచి అందరితో పాటే.

చెప్పినన్నే పడితే పది మార్కులు, వాటికి చెప్పిన అంకె కలపాలి. రెండు చెప్పి రెండు పడితే 12. తప్పితే, ఒకటి ఎక్కువైనా ఒకటి తక్కువైనా సున్నా. కొందరు తప్పిన వాటికి మార్కులు తీసేస్తారు కూడా. పిల్ల ఉన్న ఆటలో అది వద్దు. స్కోరు మైనస్‌లోకి పోయిందంటే మిగిలిన ఆట మీద ఆశ పోతుంది.

ముక్కలు వేయడం

పంచినవారి ఎడమపక్కవారు మొదటి ముక్క వేస్తారు. అది ఏ గుర్తుదైతే, ఆ గుర్తు చేతిలో ఉన్నవాళ్లందరూ అదే వేయాలి. లేనివాళ్లు తురుపుతో కోయవచ్చు, లేదా ఏదైనా పనికిరాని ముక్క పారేయవచ్చు. కోసి తీరాలన్న నియమం లేదు. తురుపు పడితే పెద్ద తురుపుది పట్టు, పడకపోతే మొదట వేసిన గుర్తులో పెద్ద ముక్కది. పట్టు తీసుకున్నవారే తర్వాతి ముక్క మొదలుపెడతారు.

పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. చేతిలో ఆ గుర్తు ఉన్నా చూసుకోకుండా వేరేది వేసేస్తారు. పంచగానే ఒక గుర్తు ముక్కలన్నీ ఒకచోటికి సర్దుకోవడం నేర్పితే సగం తగ్గుతుంది. మిగతా సగానికి, ముక్క మొదలుపెట్టినవారు గుర్తు పేరు పైకి చెప్పాలని అందరికీ నియమం పెట్టండి: "ఇస్పేటు", "ఆఠీను". పిల్లనొక్కదాన్నే "ఆఠీను ఉందేమో చూసుకో" అని హెచ్చరిస్తే దానికి చిన్నతనంగా ఉంటుంది, పైగా తన దగ్గర ఉందో లేదో అందరికీ తెలిసిపోతుంది. అయినా తప్పు జరిగితే, ఆ పట్టు ఇంకా ఎత్తకముందైతే ముక్క మార్చుకోనివ్వండి. దాటిపోయాక తెలిస్తే ఆ పంపకం రద్దు చేసి మళ్లీ పంచండి. ఎవరికీ శిక్ష వద్దు.

ఒక పంపకం పూర్తిగా

వరసగా అమ్మమ్మ, ఎనిమిదేళ్ల చిట్టి, నాన్న, అమ్మ, మామయ్య కూర్చున్నారు. మూడు ముక్కల పంపకం. పంచింది మామయ్య, తిప్పిన ముక్క కళావరు ఆరు. అంటే తురుపు కళావరు.

అమ్మమ్మకు ఆఠీను రాజు, ఇస్పేటు తొమ్మిది, డైమండు నాలుగు వచ్చాయి. చిట్టికి ఇస్పేటు ఆసు, కళావరు ఏడు, ఆఠీను ఐదు. నాన్నకు డైమండు రాజు, డైమండు ఎనిమిది, ఇస్పేటు జాకీ. అమ్మకు కళావరు రాణి, ఆఠీను పది, డైమండు రెండు. మామయ్యకు ఇస్పేటు రాణి, ఇస్పేటు నాలుగు, ఆఠీను మూడు.

అమ్మమ్మ తన రాజును నమ్ముకుని ఒకటి చెప్పింది. మొదట వేసేది తనే కాబట్టి అది మంచి అంచనా. 52లో చేతుల్లో ఉన్నవి 15 ముక్కలే. ఆఠీను ఆసు పంచని కట్టలోనే ఉండే అవకాశం ఎక్కువ. చిట్టి కాసేపు తటపటాయించింది. ఆసు ఉంది, చిన్న తురుపు ఒకటి ఉంది, ఒకటా రెండా? చివరికి ఒకటి అంది. నాన్న తప్పించుకోవచ్చనుకుని సున్నా అన్నాడు. అమ్మ తురుపు రాణిని చూసుకుని ఒకటి. మొత్తం మూడయింది. మామయ్య ముక్కలు సున్నాకు తగినవే, కానీ సున్నా అంటే మొత్తం మూడే అవుతుంది. గొణుక్కుంటూ ఒకటి అన్నాడు.

అమ్మమ్మ ఆఠీను రాజు వేసింది. చిట్టి ఆఠీను ఐదు. నాన్నకు ఆఠీను లేదు, తనకు ప్రమాదకరమైన డైమండు రాజును ఇదే అదనని పారేశాడు. అమ్మ పది, మామయ్య మూడు. పట్టు అమ్మమ్మది. ఆవిడ గుండీ పట్టు మీదికి వెళ్లింది.

అమ్మమ్మకు ఇక ఒక్క పట్టు కూడా రాకూడదు కాబట్టి డైమండు నాలుగు వేసింది. చిట్టికి డైమండు లేదు. చేతిలో ఉన్నవి ఇస్పేటు ఆసు, కళావరు ఏడు. ఇక్కడే పిల్లలు ఆగిపోతారు. ఇప్పుడు ఏడుతో కోస్తే పట్టు వస్తుంది. కానీ ఆ తర్వాత మిగిలిన ఆసును తనే మొదట వేయాలి, అదీ గెలిస్తే రెండు పట్లయి అంచనా తప్పుతుంది. పోనీ ఆసును ఇప్పుడు పారేసి ఏడును దాచుకుంటే? ఆఖరి పట్టులో అది గెలుస్తుందని నమ్మకమేముంది?

జవాబు బల్ల మీదే ఉంది. అమ్మ ముందు ఒక గుండీ ఇంకా కదలకుండా ఉంది. అమ్మ ఒకటి చెప్పింది, మొదటి పట్టులో ఆఠీను పది ఇచ్చేసింది. అంటే ఆ ఒక్క పట్టూ తెచ్చే బలమైన ముక్క ఇంకా ఆమె చేతిలోనే ఉండాలి, అది తురుపే అయ్యుండవచ్చు. చిట్టి ఏడుతో కోస్తే, ఆఖరున తను వేసే ఆసును అమ్మ కోసేసే అవకాశం ఉంది. ఏడును దాచుకుంటేనో, అమ్మ పెద్ద తురుపు దానిమీద పడుతుంది.

చిట్టి కోసింది. నాన్న ఎనిమిది, అమ్మ రెండు, మామయ్య ఇస్పేటు నాలుగు వేశారు. పట్టు చిట్టిది. ఆఖరి ముక్కగా ఆసు వేసింది. నాన్న జాకీ, అమ్మ కళావరు రాణి, మామయ్య ఇస్పేటు రాణి, అమ్మమ్మ తొమ్మిది. అమ్మ కోసేసింది, చిట్టి ఒక్క పట్టుతో బయటపడింది. అమ్మమ్మకు 11, చిట్టికి 11, నాన్నకు 10, అమ్మకు 11. మామయ్యకు సున్నా.

ఇంకో దారిలో వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఆట అయ్యాక ముక్కలు పరిచి చూపించండి. చిట్టి ఆసు పారేసి ఉంటే డైమండు పట్టు నాన్న ఎనిమిదికి వచ్చేది, ఆయన సున్నా తప్పేది. తర్వాత ఆయన వేసిన జాకీని అమ్మ రాణి కోసేది, చిట్టి ఏడు దాని కింద పడేది. చిట్టికి ఒక్కటీ రాదు. ఒక పంపకాన్ని ఇలా విప్పి చూపిస్తే, నియమాలు పదిసార్లు చెప్పినదానికంటే బాగా ఎక్కుతుంది.

పిల్లకు ఎంత సాయం చేయాలి

ఐదుగురూ ఆడుతున్నారు కాబట్టి పక్కన కూర్చుని సలహా ఇచ్చే తటస్థుడెవరూ లేరు. ఎవరు పిల్ల ముక్కల్లోకి తొంగిచూసినా వాళ్లకు రెండు చేతులు తెలిసిపోతాయి. కాబట్టి మొదటి ఆటకు ముందు రెండు ముక్కల పంపకం ఒకటి అందరూ ముక్కలు బల్ల మీద పరిచి, మార్కులు లేకుండా ఆడండి. ఆ తర్వాత ఎవరి ముక్కలు వాళ్లవే, సలహాలు బంద్.

కావాలని ఓడిపోవడం కూడా వద్దు. ఈ ఆటలో అది వెంటనే దొరికిపోతుంది. చేతిలో తురుపు పెట్టుకుని కోయకుండా వదిలేసినవాళ్ల ముక్క తర్వాతి పట్టులో బయటపడక తప్పదు. దానికి బదులు, అందరికీ తెలిసేలా ఒక వెసులుబాటు ఇవ్వండి. పిల్లకు వేరే రంగు గుండీలు మూడివ్వండి. ఒక గుండీ ఇచ్చేస్తే, ఏదైనా పంపకంలో మొదటి పట్టు చూశాక తన అంచనాను ఒకటి పెంచుకోవచ్చు, లేదా తగ్గించుకోవచ్చు. ఆట మొత్తానికి మూడే కాబట్టి ఎప్పుడు వాడాలన్నది కూడా తనే ఆలోచించుకోవాలి. రెండు గుండీలు మిగిల్చుకుని ఆట ముగించడం మొదలైతే వచ్చేసారి ఒకటే ఇస్తే సరిపోతుంది.

ఇంకో సంగతి గమనించాలి. కొందరు పిల్లలు సున్నాతో పది మార్కులు సులువుగా వస్తున్నాయని కనిపెట్టి, ప్రతిసారీ సున్నాయే అంటారు. చిన్న పంపకాల్లో అది నిజంగానే మంచి ఎత్తు. తలా ఒక ముక్క ఉన్నప్పుడు పట్టు ఒక్కరికే వస్తుంది, మిగతా నలుగురికీ సున్నాయే. పిల్ల వరసగా మూడు పంపకాలు సున్నా అందంటే, సున్నాకు పదికి బదులు ఐదే మార్కులని నియమం మార్చండి. అందరికీ వర్తించేలా, తర్వాతి ఆట మొదలుపెట్టేముందు మార్చాలి, మధ్యలో కాదు.

వేరే ఆటలకు ఐదుగురు సరిపోవాలంటే

పెట్టెల్లో అమ్మే ఆటలు కొనేముందు మూత మీద ఎంతమందికని ఉందో చూడండి. కటాన్ మామూలు పెట్టె ముగ్గురు నలుగురికే, ఐదో మనిషికి అదనపు పెట్టె కొనాలి. కార్కసోన్, టికెట్ టు రైడ్ ఐదుగురి దాకా ఆడవచ్చు. బొమ్మల ముక్కలతో ఆడే డిక్సిట్ ఈ గుంపుకు బాగా నప్పుతుంది. ఒకరు తన ముక్క మీది బొమ్మకు ఒక మాటో వాక్యమో చెబుతారు, మిగతావాళ్లు దానికి దగ్గరగా అనిపించే తమ ముక్కలు కలుపుతారు, ఆ తర్వాత అసలుదేదో అందరూ కనిపెట్టాలి. అందరూ కనిపెట్టేసినా, ఎవరూ కనిపెట్టకపోయినా చెప్పినవాళ్లకు సున్నా. మరీ తేలికా మరీ కష్టమూ కాని మాట వెతకడంలో ఎనిమిదేళ్లవాళ్లు పెద్దవాళ్లకు తీసిపోరు. కాకపోతే బొమ్మలు వివరంగా కనబడాలి కాబట్టి ఒక్క కొవ్వొత్తితో కుదరదు.

అందరూ ఒకే పక్షాన ఆడే హనాబి కూడా ఐదుగురి ఆటే. దాంట్లో ఎవరి ముక్కలు వాళ్లు చూడకూడదు, ముఖం ఎదుటివాళ్ల వైపు తిప్పి పట్టుకోవాలి. అందుకని బల్ల మధ్య దీపం సరిగ్గా నప్పే చేతిముక్కల ఆట ఇదొక్కటే అనిపిస్తుంది. తీరా ఆడబోతే దాని ఐదు రంగుల్లో పసుపూ తెలుపూ ఉండి మంట వెలుగులో ఏడిపిస్తాయి.

నాలుగు వైపుల బోర్డులు, అంటే అష్టాచెమ్మా, లూడో, క్యారమ్స్ ఆడాలనిపిస్తే ఐదోవారిని తిప్పుతూ ఉండండి. ఓడినవాళ్లు లేవాలన్న పద్ధతి కంటే గెలిచినవాళ్లు లేవాలన్నది మంచిది. గెలిచిన ఊపులో ఉన్నవాళ్లకు ఒక ఆట బయట కూర్చోవడం కష్టంగా ఉండదు, ఓడిన పిల్లకు వెంటనే ఇంకో ఆట దొరుకుతుంది. మరీ చిన్నపిల్ల అయితే ఒక పెద్దవారితో జోడీగా కూర్చోబెట్టండి. గవ్వలు వేయడం, ఏ కాయ జరపాలో నిర్ణయించడం రెండూ పిల్లవే. పెద్దవారు అడిగినప్పుడే నోరు విప్పాలి. ఆటకొకసారి జోడీ మార్చాలి.

ఎక్కడ ఆపాలి

పది పంపకాల జడ్జిమెంట్‌కు నేర్చుకునేవాళ్లతో గంట దాకా పట్టవచ్చు. ఐదో పంపకం అయ్యేసరికి పిల్ల ముక్కలు సర్దుకోకుండానే వేస్తోందంటే, గుర్తు పేరు రెండుసార్లు చెప్పాల్సి వస్తోందంటే నిద్ర వస్తోందన్నమాట. అక్కడ ఆపేయవచ్చు, అప్పటికి ఐదుగురూ తలా ఒకసారి పంచి ఉంటారు. స్కోరు కాగితం మీద కూర్చున్న వరస, తర్వాత పంచాల్సినవారి పేరు, పిల్ల దగ్గర మిగిలిన గుండీల సంఖ్య రాసి కట్టతో పాటు డబ్బాలో పెట్టండి. మిగతా ఐదు పంపకాలు మర్నాడు అదే వరసలో కూర్చుని ఆడాలి. చివరికి ఇద్దరికి సమానంగా వస్తే, పదిలో ఎక్కువ పంపకాల్లో అంచనా నిజమైనవారిదే గెలుపు. అదీ సమానమైతే ఆ ఇద్దరికీ మూడు ముక్కల పంపకం ఒకటి వేయండి. మిగతా ముగ్గురిలో ఒకరు పంచాలి. ఇద్దరి అంచనాలూ ఒకేసారి బయటపెట్టడానికి, గుండీలు గుప్పిట్లో దాచుకుని ఒక్కసారి తెరవడం మేలు.